మూడు గంటల మాక్ పరీక్ష, మూడు రంగుల సిరా: నా అనుభవం

కాంట్రాక్టు లా పరీక్షకు సరిగ్గా 25 రోజుల ముందు, నవంబరు 9న, నేను మొదటిసారి పూర్తి నిడివి మాక్ పరీక్ష రాశాను. అంతకుముందు పాత ప్రశ్నలకు జవాబులు రాయలేదని కాదు. అయితే ఒక్కొక్క ప్రశ్నను విడిగా తీసుకుని, మధ్యలో నోట్సు తిరగేస్తూ, అలసట వచ్చినప్పుడు ఆపుతూ రాసేదాన్ని. మూడు గంటలు పుస్తకం లేకుండా వరుసగా కూర్చోవడం వేరే పని అని ఆ రోజు తెలిసింది. పరీక్ష నిన్ననే ముగిసింది కాబట్టి, వివరాలు మరిచిపోకముందే జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

మొదటి చిక్కు ప్రశ్నపత్రం దగ్గరే ఎదురైంది. నిరుటి పత్రాన్ని మాక్ కోసం దాచుకున్నాను గాని, తీరా తెరిచి చూస్తే అందులోని రెండు ప్రశ్నలను మా అధ్యాపకురాలు తరగతిలో అప్పటికే చర్చించారు. చూసిన ప్రశ్నకు రాసే జవాబులో, ఏ సమస్యలు దాగున్నాయో కనిపెట్టే భాగం ఉండదు. పరీక్షలో కష్టమంతా ఆ భాగంలోనే ఉంటుంది. అందుకని ఇంకా పాత పత్రం ఒకటి వెతికి, ఒక సహాధ్యాయిని చదివి చూడమన్నాను. ఇప్పటి పాఠ్యాంశాల్లో లేని ప్రశ్న ఏదీ లేదని తను చెప్పాక, ఆ పత్రాన్ని చూడకుండానే కవరులో పెట్టించుకున్నాను. దీనికి రెండు రోజులు పట్టింది. మాక్ రాయాలనుకునేవారు ఈ రెండు రోజులను ముందే లెక్కలో పెట్టుకోవాలి.

పత్రం 100 మార్కులకు, 180 నిమిషాలు. మూడు ప్రాబ్లమ్ ప్రశ్నలు, అంటే ఒక కథ చెప్పి చట్టం ప్రకారం తేల్చమనేవి, వాటికి వరుసగా 40, 30, 30 మార్కులు. చదవడానికి 10 నిమిషాలు, చివర సరిచూసుకోవడానికి 10 నిమిషాలు తీసేస్తే 160 నిమిషాలు మిగులుతాయి, అంటే మార్కుకు 1.6 నిమిషాలు. ఆ లెక్కన మొదటి ప్రశ్నకు 64 నిమిషాలు, మిగతా రెండింటికి 48 చొప్పున. ఈ లెక్క కాగితం మీద వేసుకుని ఎదురుగానే పెట్టుకున్నాను. అయినా పాటించలేదు. ఎందుకు పాటించలేదన్నదే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి.

మొదటి ప్రశ్న ఇంగ్లిష్ కామన్ లా ప్రకారం ఒప్పందం ఏర్పడిందా లేదా అన్నది. దాని సారాంశం ఇది. ఒక అమ్మకందారు 1వ తేదీన ఉత్తరం రాసి, తన ముద్రణ యంత్రాన్ని 50,000కు అమ్ముతానని, ఈ మాట 10వ తేదీ వరకు నిలిచి ఉంటుందని ప్రతిపాదించాడు. 3వ తేదీన కొనుగోలుదారు, డబ్బును రెండు వాయిదాల్లో ఇస్తే కుదురుతుందా అని అడిగాడు. దానికి జవాబు రాలేదు. 5వ తేదీన అమ్మకందారు తన ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నట్టు ఉత్తరం పోస్టు చేశాడు. అదే సాయంత్రం కొనుగోలుదారు స్నేహితుడొకడు, ఆ యంత్రాన్ని ఎవరో లారీలో ఎక్కించుకుపోవడం చూశానని అతనితో అన్నాడు. 6వ తేదీ ఉదయం కొనుగోలుదారు 50,000కు అంగీకారం తెలుపుతూ ఉత్తరం పోస్టు చేశాడు. ఉపసంహరణ ఉత్తరం అతనికి 7న, అతని అంగీకారం అమ్మకందారుకు 8న అందాయి.

చదవగానే చాలా సంతోషం వేసింది, అంతా నాకు తెలిసిన విషయమే. 1818 నాటి ఆడమ్స్ వర్సెస్ లిండ్సెల్ ప్రకారం, పోస్టు ద్వారా పంపిన అంగీకారం డబ్బాలో వేసిన క్షణమే పూర్తవుతుంది. 1880 నాటి బర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్ ప్రకారం, ఉపసంహరణ మాత్రం అవతలి వ్యక్తికి చేరితే గాని పనిచేయదు. అంగీకారం 6న పోస్టయింది, ఉపసంహరణ 7న చేరింది, కాబట్టి ఒప్పందం ఏర్పడింది. ఇది నాలుగు నిమిషాల్లో తట్టింది. ఆ ఉత్సాహంలో పోస్టల్ రూల్ ఎలా పుట్టింది, ఏ తీర్పు దాన్ని ఎలా విస్తరించింది, టెలిగ్రాం విషయంలో ఏమన్నారు అని నాకు తెలిసినదంతా రాసుకుంటూ పోయాను. దాదాపు 70వ నిమిషంలో బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. లెక్క ప్రకారం 74వ నిమిషానికి రెండో ప్రశ్నకు వెళ్లాలి. గడియారం చూశాను కూడా. ఇంకొక్క పేరా రాస్తే జవాబు సంపూర్ణమవుతుందనిపించింది. తల ఎత్తేసరికి 101వ నిమిషం.

రెండో ప్రశ్నకు 58 నిమిషాలు పోయాయి. మూడోది నష్టపరిహారం మీద, 1854 నాటి హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ గురించి నేను అన్నిటికన్నా బాగా చదువుకున్న అంశం. దానికి మిగిలింది 21 నిమిషాలు. చేయి సహకరించక అక్షరాలు విడివిడిగా పడుతుంటే, తెలిసిన జవాబు కళ్లముందే జారిపోతోందన్న బాధతో కళ్లలో నీళ్లు తిరిగాయి. సమయం అయిపోయిందని గడియారం మోగినప్పుడు ఒక వాక్యం మధ్యలో ఉన్నాను. ఎవరూ చూడని మాక్ పరీక్షకే నాకు అంత దిగులు కలుగుతుందని నేను అనుకోలేదు.

ఆ రాత్రి ఏమీ దిద్దుకోలేదు, మర్నాడు ఉదయం కూర్చున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నమూనా జవాబు దగ్గరే ఉన్నా వెంటనే తెరవకూడదని అధ్యాపకురాలు చెప్పారు. ‘‘తెరిస్తే ప్రతి వాక్యం దగ్గరా ఇది నాకు తెలుసు అనుకుంటావమ్మా. తెలిసి రాయలేదా, తెలియక రాయలేదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు’’ అన్నారు. ఆమె చెప్పిన పద్ధతి ఇది. పరీక్ష రాసింది నీలం సిరాతో. మర్నాడు పుస్తకం తెరవకుండా, గడియారం లేకుండా, అదే జవాబుకు ఇంకేం చేర్చగలనో ఆకుపచ్చ సిరాతో చేర్చాలి. ఆ తర్వాతే నోట్సు, నమూనా జవాబు తెరిచి, అప్పుడు కనిపించినవాటిని ఎరుపుతో రాయాలి. ఆకుపచ్చలో ఉన్నది తెలిసి కూడా రాయనిది, ఎరుపులో ఉన్నది తెలియనిది.

మొదటి ప్రశ్నలో పోయిన అంశాలు మొత్తం 17 తేలాయి. ఎరుపులో మూడే మూడు. ఆకుపచ్చలో తొమ్మిది. మిగిలిన ఐదు నీలంలోనే ఉన్నాయి, కానీ నియమం రాసి వదిలేశాను, ప్రశ్నలోని వాస్తవంతో ముడిపెట్టలేదు. ఈ అంకెలు చూసి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ఏడాది పొడవునా నేను చేసిన పని నోట్సు పెంచుకోవడం, అంటే ఎరుపు తగ్గించే పని. నాకు నష్టం జరుగుతున్నది అక్కడ కాదు.

ఆ తొమ్మిదిలో అన్నిటికన్నా పెద్దది స్నేహితుడి మాట. లారీ సంగతి నేను చదివాను, చదివి దాటిపోయాను. అప్పటికే నా మనసులో జవాబు స్థిరపడిపోవడం వల్ల, దానికి అడ్డువచ్చే వాక్యం కథకు అలంకారంలా కనిపించింది. నిజానికి ప్రశ్న మొత్తం ఆ వాక్యం మీదే తిరుగుతుంది. 1876 నాటి డికిన్సన్ వర్సెస్ డాడ్స్‌లో, ఆస్తిని మరొకరికి అమ్ముతున్న సంగతి కొనదలచినవాడికి మూడో వ్యక్తి ద్వారా తెలిసింది. అమ్మకందారు స్వయంగా చెప్పకపోయినా, అతను మనసు మార్చుకున్నాడని స్పష్టంగా తెలిశాక ఇక అంగీకరించడానికి ప్రతిపాదన మిగలదని అప్పీలు కోర్టు తేల్చింది. మన ప్రశ్నలో ఆ మాట 5వ తేదీ సాయంత్రం చెవిన పడింది, అంగీకారం 6న పోస్టయింది. అంటే 7న చేరిన ఉత్తరం సంగతి తేల్చేలోపే, ప్రతిపాదన 5వ తేదీనే అంతమైపోయి ఉండవచ్చు. అలాగని దాన్నే తుది మాటగా రాసినా మార్కులు పోతాయి. స్నేహితుడు చూసింది యంత్రం తరలిపోవడాన్ని, అమ్మకాన్ని కాదు. మరమ్మతుకు వెళ్లి ఉండవచ్చు, అద్దెకు ఇచ్చి ఉండవచ్చు. ఆ మాట ఎంత నమ్మదగినది, దాన్నిబట్టి మామూలు మనిషికి ఏమి అర్థమవ్వాలి అని రెండు వైపులా వాదించాలి. పరీక్షకుడు యంత్రం అమ్ముడుపోయిందని కాకుండా లారీలో ఎక్కించారని రాయడం వెనుక ఉద్దేశం అదే.

ముడిపెట్టకుండా వదిలేసిన ఐదింటిలో వాయిదాల సంగతి ఒకటి. 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ ప్రకారం ప్రతి-ప్రతిపాదన చేస్తే మొదటి ప్రతిపాదన రద్దవుతుందని, 1880 నాటి స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్‌లీన్ ప్రకారం ఊరికే వివరం అడిగితే రద్దు కాదని రెండూ చక్కగా రాశాను. ఆ తర్వాతి వాక్యం ‘‘కాబట్టి ఇది వివరం అడగడం మాత్రమే’’ అని ఉంది. ఎందుకు అలా అవుతుందో లేదు. ‘‘కుదురుతుందా’’ అన్న అతని మాటను ఎత్తి చూపి, అతను వాయిదాలైతేనే కొంటానని అనలేదని, 50,000 ధరను మార్చమని కోరలేదని రాసి ఉండవలసింది. రెండు వాక్యాల పని. తీర్పుల గురించి ఎనిమిది వాక్యాలు రాసిన నేను ఆ రెండు రాయలేదు.

ఇది ఒక్కచోట జరిగిందా, అలవాటా అని తెలుసుకోవడానికి మరో పని చేశాను. మా దగ్గర జవాబు నిర్మాణాన్ని ఐరాక్ అంటారు: సమస్య, నియమం, అన్వయం, ముగింపు. మొదటి జవాబులోని ప్రతి వాక్యం పక్కన అది ఈ నాలుగింటిలో ఏదో పెన్సిలుతో గుర్తుపెట్టాను. మొత్తం 62 వాక్యాల్లో సమస్య 9, నియమం 34, అన్వయం 11, ముగింపు 8. పాత అసైన్‌మెంట్లు రెండు బయటికి తీసి అలాగే లెక్కపెడితే వాటిలోనూ సగానికి పైగా నియమమే. రాసే వేగం తక్కువ కాబట్టి సమయం చాలడం లేదని నేను మూడేళ్లుగా నమ్ముతూ వచ్చాను. నా వేగంలో లోపం లేదు. తెలిసినది చూపించకపోతే పరీక్షకుడు నాకు తెలియదనుకుంటాడేమో అన్న భయం వల్ల, నియమం దగ్గర ఆగిపోతున్నాను.

ఈ దిద్దుబాటుకు రెండు రోజుల్లో కలిపి ఆరు గంటలు పట్టింది. మాక్ పరీక్ష ఖర్చు మూడు గంటలు అనుకుంటాం గాని, పత్రం వెతకడం, దిద్దడం, తిరగరాయడం కలిపితే అది పన్నెండు గంటలకు తగ్గదు. వారానికి మూడు మాక్‌లు రాయాలని వేసుకున్న పట్టికను ఆ రోజే కొట్టేశాను.

నా దిద్దుబాటు చూపకుండా, జవాబు పత్రం జిరాక్సు మాత్రమే నవంబరు 9 సాయంత్రమే అధ్యాపకురాలికి ఇచ్చి ఉంచాను. 16న తిరిగి వచ్చింది. ఆ ఏడు రోజులు నిరీక్షణ బాగా కష్టంగా గడిచింది. మార్కులు 24, 15, 6, మొత్తం 45. నాకు నేను వేసుకున్నవి 56. తేడా ఎక్కడుందో ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, నేను రాయాలనుకున్నదాన్ని రాసినట్టే చదువుకుని మార్కులు వేసుకున్నానని తెలిసింది. సొంత దస్తూరీలో కొరత మన కంటికి కనిపించదు. ఇక 74 నుంచి 101వ నిమిషం వరకు రాసిన భాగానికి, అంటే లెక్క దాటి రాసిన 27 నిమిషాలకు, ఆమె వేసినవి రెండు మార్కులు. అవే 27 నిమిషాలు మూడో ప్రశ్నకు ఇచ్చి ఉంటే హాడ్లీలోని రెండు అంగాలు, అంటే మామూలుగా కలిగే నష్టం, ఒప్పందం నాటికి ఇరుపక్షాల ఎరుకలో ఉన్న ప్రత్యేక నష్టం, వీటిని ప్రశ్నకు అన్వయించడానికి సరిపోయేవి. అక్కడ పదికి తక్కువ వచ్చేవి కావు.

రెండో మాక్‌కు ముందు తప్పుల చిట్టా ఒకటి రాసుకున్నాను. అందులో ‘‘సమయం చాలలేదు’’, ‘‘అజాగ్రత్త’’ వంటి మాటలు రాయకూడదని నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే వాటిని చదివి మర్నాడు ఏం మార్చుకోవాలో తెలియదు. దాని బదులు తప్పు జరగడానికి ముందు నేను తీసుకున్న నిర్ణయం రాశాను. చివరికి మూడు రకాలే మిగిలాయి. ఒకటి, గడియారం చూసి కూడా ఇంకొక్క పేరా అనుకోవడం. రెండు, నియమం రాశాక ప్రశ్నలోని మాటను ఎత్తి చూపకుండా ‘‘కాబట్టి’’ అని రాయడం. మూడు, జవాబు తట్టాక దానికి అడ్డువచ్చే వాస్తవాన్ని దాటిపోవడం. రెండో రకానికి మందు సులువుగానే దొరికింది. ‘‘కాబట్టి’’ అని రాయబోయే ముందు ‘‘ఇక్కడ’’ అన్న మాటతో కనీసం ఒక వాక్యం రాయాలి. మూడో రకానికి, ప్రశ్నపత్రంలోని ఒక్కొక్క వాస్తవాన్ని వాడినప్పుడల్లా దాన్ని పెన్సిలుతో కొట్టేయాలి.

రెండో మాక్ నవంబరు 19న రాశాను. చెప్పాలంటే అది మరోరకంగా చెడింది. ఏ వాస్తవమూ జారిపోకూడదన్న ఆత్రంలో, మొదటి ప్రశ్నకు ప్రణాళిక వేయడానికే 19 నిమిషాలు పట్టింది. వాక్యాలు 48కి తగ్గాయి: సమస్య 8, నియమం 14, అన్వయం 20, ముగింపు 6. ఆ మార్పు చూసి కలిగిన ఆనందం చెప్పలేనిది. 74వ నిమిషంలో వాక్యం మధ్యలోనే కలం ఎత్తి, నాలుగు గీతలు ఖాళీ వదిలి, కొత్త పేజీలో రెండో ప్రశ్న అంకె వేశాను. ఆ క్షణంలో ఏదో ముఖ్యమైనది వదిలి వెళ్తున్నానన్న బాధ నిజంగా ఛాతీలో తెలిసింది, రెండు నిమిషాలకు పోయింది. మొత్తం 61 వచ్చాయి. మూడో ప్రశ్నలో 19. అయితే ప్రణాళికకు పోయిన సమయం వల్ల మొదటి ప్రశ్నలో చివరి సమస్యను అసలు అందుకోలేకపోయాను.

మూడో పూర్తి మాక్‌కు రోజులు లేవు, ఓపికా లేదు. నవంబరు 26న ఒక్క ప్రశ్న మాత్రం 64 నిమిషాలకు, అందులో ప్రణాళికకు 9 నిమిషాలని ముందే గంట పెట్టుకుని రాశాను. ఆ గంట మోగేసరికి ప్రణాళిక పూర్తి కాలేదు, అయినా రాయడం మొదలుపెట్టాను. మిగిలిన సమస్య రాస్తూ ఉండగానే తట్టింది. ఇది నాకు ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే ముందుగా అంతా కనిపిస్తే గాని రాయకూడదని నేను అనుకునేదాన్ని.

నిన్న, డిసెంబరు 4న, అసలు పరీక్ష. 72వ నిమిషంలో మొదటి జవాబు ముగిసింది, మూడో ప్రశ్నకు 45 నిమిషాలు దొరికాయి. చేయి ఈసారీ నొప్పి పెట్టింది, కానీ ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలుసు కనుక కంగారు పడలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ప్రశ్నపత్రం విప్పి చూసుకుంటే, మొదటి ప్రశ్నలో వాస్తవాలన్నీ పెన్సిలు గీతల కింద ఉన్నాయి. రెండో ప్రశ్నలో, మూడో పేరా చివర, ఒక వాక్యం గీత లేకుండా శుభ్రంగా ఉంది. కొనుగోలుదారుకు తాను చెప్పిన మాట పొరపాటని అమ్మకందారు మర్నాడే తెలుసుకున్నాడని అందులో ఉంది. ఒప్పందం కుదిరింది ఆ మర్నాటి తర్వాత. ఇంటికి వచ్చి చిట్టాలో మూడో రకం కింద, తేదీ వేసి, దాన్ని రాసుకున్నాను.